మోకాలి పైన నల్లగీత

నా కాలి సంగతి మొదట బయటపెట్టింది మా ఊరి దర్జీ. ఆ ఏడు దసరాకి కుట్టించిన పట్టు పరికిణీ తొడుక్కుని నిలబడితే కుడివైపు అంచు నేల ఊడుస్తోంది, ఎడమవైపు చీలమండ కనిపిస్తోంది. మా అమ్మ పరికిణీ చేతబట్టుకుని, నన్ను వెంటేసుకుని దర్జీ అరుగు మీదకి యుద్ధానికి వెళ్ళింది. ఆయన గుడ్డను రెండు మడతలు పెట్టి, అంచులు కలిపి చూపించి, తరువాత నన్ను నిలబడమన్నాడు. గుడ్డలో తేడా లేదమ్మా, పిల్ల నిలబడటంలో ఉంది అని నెమ్మదిగా చెప్పాడు. మా అమ్మ ఇంటికొచ్చేదాకా ఆయన్ని తిట్టింది. ఇంటికొచ్చాక నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, నడుం రెండు పక్కలా చేతులు వేసి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మాది సత్తెనపల్లి దగ్గర నల్లరేగడి ఊరు. సాగర్ నీళ్ళు ఇంకా రాలేదు. వానను నమ్ముకుని పత్తీ మిరపా వేసేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పత్తి బోరాలు బండికెత్తి జిన్నింగు మిల్లుకి తోలుకెళ్తుంటే, నేనూ వస్తానని ఏడిచి బండెక్కాను. నేనెప్పుడూ ఏడిచే సాధించుకునేదాన్ని, ఆ సంగతి దాచుకోను. బోరాల పక్కన అంచు మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాను. గతుకులో బండి ఒరిగింది. కుడికాలు చక్రం ఆకుల మధ్యకు పోయింది. నాన్న ఎద్దుల్ని ఆపేలోగా చక్రం ఓ చుట్టులో సగం తిరిగింది.

పక్కూళ్ళో ఎముకలకు కట్టు కట్టే ఆయన ఉండేవాడు. కోడిగుడ్డు సొనా మినప్పిండీ పట్టించి, వెదురు దబ్బలు పెట్టి కట్టాడు. రెండు నెలల్లో కట్టు విప్పాడు. నేను లేచి నడిచాను, మరికొన్నాళ్ళకి పరుగెత్తాను. ఊళ్ళో అందరూ ఆయన చేతి చలవ అన్నారు. నాన్న ఆయనకు కొత్త పంచె పెట్టాడు. అంతటితో అందరం ఆ సంగతి మరిచిపోయాం. కాలు మాత్రం మరిచిపోలేదు.

పరికిణీ గొడవ తరువాత ఇంట్లో వైద్యం మొదలైంది. నాయనమ్మ రోజూ ఆముదం కాచి కుడికాలు కిందికి లాగుతూ మర్దనా చేసేది. వంటింటి దూలానికి తాడు కట్టి నన్ను వేలాడమనేవాళ్ళు. వేలాడితే చేతులు నొప్పి పుట్టాయే తప్ప కాలు జానెడు కాదు కదా, గోరంత కూడా సాగలేదు. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఓ మందు తెలుసు. వాళ్ళలో ఒక్కరి కాలికీ ఏ రోగమూ లేదు, మరి ఎలా తెలుసుకున్నారో అడగాలనిపించేది. చివరికి నాన్నే విసిగిపోయి, గుంటూరు పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకి చూపిద్దామని బస్సెక్కించాడు. అమ్మ ఇల్లు వదిలి రాలేదు, నాయనమ్మ వచ్చింది.

డాక్టరు గారు నడివయసు మనిషి. నన్ను నిటారుగా నిలబెట్టి, నా కుడి పాదం కింద సన్నటి చెక్కముక్కలు ఒకటి మీద ఒకటి పెడుతూ, నడుం ఎముకలు రెండూ ఒకే ఎత్తుకి వచ్చేదాకా వెనకనుంచి చూశారు. ముప్పావు అంగుళం పైన అన్నారు. తరువాత రెండు మోకాళ్ళకీ ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్ములు తడారాక కిటికీ వెలుతురుకి పట్టి నాన్నను దగ్గరికి పిలిచారు. నన్నెవరూ పిలవలేదు కాని నేనూ వెళ్ళి నిలబడ్డాను. కాలు నాది కదా.

ఎడమకాలి ఫిల్ములో మోకాలికి కాస్త పైన, తొడ ఎముక కొస దగ్గర, ఓ నల్లటి గీత అడ్డంగా ఉంది. ఎముక అక్కడ విరిగిందేమోనని నాన్న భయపడ్డాడు. విరిగింది కాదు, అది ఉండాల్సిన గీత అన్నారు డాక్టరు గారు. కుడికాలి ఫిల్ములో ఆ చోట గీత లేదు. తెల్లగా, ఒకే ఎముకలా ఉంది.

ఆయన చెప్పినది నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ తరువాత ఏడాదంతా నేను దాని గురించే ఆలోచించాను. ఎముక నడుమ సాగదు. లాగినా, వేలాడదీసినా, నూనె రాసినా సాగదు. ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల కొసల దగ్గర ఓ పలచటి పొర ఉంటుంది, చెవి దొప్పలో ఉండేలాంటి మెత్తటి పదార్థం. ఎక్స్‌రే దాని గుండా దూసుకుపోతుంది కాబట్టి ఫిల్ములో నల్లగా కనిపిస్తుంది. ఆ పొరలో కీలు వైపు కొత్త కణాలు పుడుతుంటాయి, పాతవి ఉబ్బి, గట్టిపడి, ఎముక నడుమ భాగం వైపు చేరి ఎముకగా మారుతుంటాయి. పొర మందం అంతే ఉంటుంది, దాని వెనక ఎముక మాత్రం పెరుగుతూ పోతుంది. కాలు పొడవు పెరగడంలో ఎక్కువ భాగం మోకాలి పైనా కిందా ఉన్న రెండు పొరలదే. చక్రంలో పడిన రోజు కుడికాలిలో మోకాలి పైనున్న పొర ఊడి నలిగింది. విరిగింది అతుక్కుంది గాని, పొర ఉన్న చోట ఎముక కట్టేసింది. అక్కడ పెరుగుదల ఆగిపోయింది. ఎడమకాలు తన మానాన తను పెరుగుతోంది.

కట్టు సరిగ్గా కట్టకపోబట్టేనా అని నాన్న అడిగాడు. కట్టిన ఆయన తప్పేం కాదు, ఎముక తిన్నగానే అతికింది, ఇలాంటి దెబ్బ ఎవరి చేతిలో అతికినా పొర ఇలా మూసుకుపోవచ్చు అన్నారు ఆయన. నాన్న మొహం ఇంకా వాడిపోయింది. తప్పు ఆ కట్టు కట్టినాయనది అయితే నాన్నకు కొంత తేలికగా ఉండేదేమో. బండి తోలింది తనే కదా.

మందు లేదా అని నాయనమ్మ అడిగింది. మూసుకున్న పొరని తెరిచే మందు లేదు. ఈ పొరలు అందరికీ ఒకనాటికి మూసుకుంటాయి, ఆడపిల్లలకి పద్నాలుగూ పదిహేనేళ్ళ మధ్య మోకాలి దగ్గరివి దాదాపు మూసుకుంటాయి, మగపిల్లలకి ఇంకో రెండేళ్ళు ఆలస్యం. ఆ తరువాత ఎవరేం చేసినా పొడవు పెరగదు. ఈ పిల్ల కుడికాలిలో ఆ ఒక్క పొర ముందే మూసుకుంది. ఏమీ చెయ్యకపోతే పెరుగుదల అయిపోయేసరికి తేడా రెండంగుళాల దాకా పోవచ్చు. చెప్పు కింద ఎత్తు వేసుకోవాలి, నడుం వంగుతుంది. చెయ్యగలిగింది ఒకటుంది. ఎడమకాలిలో ఇంకా పెరుగుతున్న పొరని చిన్న ఆపరేషను చేసి ఆపేస్తే, తేడా అక్కడితో ఆగుతుంది. మోకాలి కిందిదాన్ని కూడా ఆపితే కుడికాలు కింది ఎముక పెరిగి కొంత కలుస్తుంది. మొత్తం మీద పిల్ల ఎత్తు మాత్రం కాస్త తగ్గుతుంది. ఇది పొర తెరిచి ఉన్నప్పుడే చెయ్యాలి. మూసుకున్న దాన్ని ఆపేదేముంది అని నవ్వారు. ఎవరూ తిరిగి నవ్వలేదు.

నాన్న ఆ రోజు ఒప్పుకోలేదు. బాగున్న కాలిని కోసి కుంటికాలికి జత చేస్తారా, ఇదెక్కడి వైద్యమండీ అన్నాడు. ఆయనలా అన్నందుకు నేను తప్పు పట్టను. ఆ రోజుల్లో మా వైపు ఎవరికి చెప్పినా అదే మాట అనేవాళ్ళు. డాక్టరు గారు కోపగించుకోలేదు. ఆలోచించుకోండి, కాని మరీ ఎక్కువ ఆలోచించకండి, పిల్ల మీకోసం పెరగటం ఆపదు అన్నారు. ఇంకో మాట నాయనమ్మను చూసి చెప్పారు. పిల్ల పెద్దమనిషి అయితే వెంటనే తీసుకురండి. అప్పటికే పెరుగుదల జోరు తగ్గిపోతూ ఉంటుంది. ఒంట్లో ఆ మార్పు తెచ్చే రసాలే ముందు పిల్లను పొడవు లాగుతాయి, తరువాత అవే ఈ గీతని మూసేస్తాయి. ఆ పైన మనకి మిగిలేది కొద్ది కాలమే.

నాయనమ్మ తలూపింది. నేను నాయనమ్మ తలూపడం చూశాను.

ఇంటికొచ్చాక నాన్న తుమ్మ మొద్దు తెచ్చి, సన్నటి పలకలుగా చెక్కాడు. నెలకోసారి నన్ను పెరట్లో నిలబెట్టి కుడి పాదం కింద ఆ పలకలు పెట్టి, డాక్టరు గారిలాగే వెనకనుంచి చూసేవాడు. ఎన్ని పలకలు పట్టాయో ఎవరికీ చెప్పేవాడు కాదు. కొన్నాళ్ళకి ఇంకో పలక చెక్కాడు. ఆ తరువాత ఇంకొకటి. నాకు భయం వేసింది. నడకలో ఒరుగు స్పష్టంగా తెలుస్తోంది. బడిలో పిల్లలు పేరు పెట్టారు, ఆ పేరు ఇక్కడ రాయను. పెట్టినవాడి చెంప మీద ఒకటిచ్చాను, అదైతే రాస్తాను.

ఆ మరుసటి ఏడు వానాకాలంలో, పన్నెండు నిండిన కొద్ది రోజులకే, నేను పెద్దమనిషినయ్యాను. మా వైపు అదొక పండగ. చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, వీధి వీధంతా పిలిచి, మేనత్త చేత కొత్తచీర పెట్టించి, స్నానం చేయించిన రోజున పిల్లను అందరి ముందూ పీట దాకా నడిపించాలి. ఆ నడిపించడం దగ్గరే నాయనమ్మ ప్రాణం కొట్టుకుంది. ఊరంతా కూర్చుని చూస్తుండగా నేను ఒరుగుతూ నడవాలి. మేనత్త తన కొడుక్కి నన్ను చేసుకుంటానని నా ఉయ్యాలనాడే అన్నదట. ఆవిడ చూస్తుంది. కాలు బాగయ్యాక చేసుకుందాం, అప్పటిదాకా చీమకి కూడా తెలియకూడదు అని నాయనమ్మ తీర్మానించింది. పిల్లకి జ్వరమని చెప్పి, పత్తి నిల్వచేసే గదిలో నన్ను కొన్నాళ్ళు పడుకోబెట్టింది. తోబుట్టువు దగ్గర దాచలేడని నాన్నకీ జ్వరమనే చెప్పారు. నాన్న రోజూ తలుపు బయటినుంచి జ్వరం తగ్గిందా అని అడిగేవాడు. తగ్గుతోంది నాన్నా అని లోపల్నుంచి చెప్పేదాన్ని. అమ్మకి ఇదంతా ఇష్టం లేదు గాని అత్తగారి మాట దాటే ధైర్యం లేదు.

ఎవరికీ చెప్పనని నాయనమ్మ తల మీద చెయ్యి వేయించుకుంది. నా మీద ఒట్టు, చెప్పావో నేను పోయినట్టే అంది. నాయనమ్మంటే నాకు ప్రాణం. ఆవిడ పక్కలో తప్ప పడుకునేదాన్ని కాదు.

కానీ ఆ గదిలో పత్తి మీద వెల్లకిలా పడుకుని నేను ఆలోచించింది డాక్టరు గారి మాట. కొద్ది కాలమే అన్నారు. ఆ కొద్ది కాలం మొదలైపోయింది. నా ఎడమకాలిలో నల్లగీత సన్నబడుతోంది. అది ఎవరికీ కనబడదు, నాకు కూడా. అయినా రోజూ మోకాలి పైన వేళ్ళతో నొక్కి చూసుకునేదాన్ని, తెరిచుందో మూసిందో తెలుస్తుందేమోనని. ఏమీ తెలిసేది కాదు. అమ్మతో ఒకసారి అన్నాను, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని నాన్నకు చెప్పు అని. అమ్మ కళ్ళు తుడుచుకుని నాయనమ్మను అడుగు అంది. నాయనమ్మను అడిగితే, నీ నాన్న ఒప్పుకోవాలి కదే అంది. నాన్నకి నిజం తెలియదు. తెలియనివాడు ఎందుకు తొందరపడతాడు? ఈ ముగ్గురి మధ్యా నా కాలు ఎవరి కాలూ కాకుండా పోయింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఆ చలికాలంలో ఓ రోజు నాన్న పెరట్లో పలకలు పెట్టి చూసి, లేచి, చేతులు దులుపుకుని, రేపు గుంటూరు పోదాం అన్నాడు. అంతే. ఆపరేషనుకి ఎప్పుడు మనసు మార్చుకున్నాడో, ఎవరితో చెప్పుకున్నాడో తెలియదు. బహుశా ఆ పలకలతోనే.

మేము వెళ్ళిన రోజు ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషను పాడై ఉంది. డాక్టరు గారు చెక్కముక్కలతో కొలిచారు. ఒకటింబావు అంగుళం. సంవత్సరం పోగొట్టారు, అయినా మంచి పని చేశారు వచ్చి అన్నారు. నాన్న చేతులు కట్టుకుని, మిరప కోతలు మొదలవబోతున్నాయనీ, ఇంట్లో తను తప్ప మగదిక్కు లేదనీ, కోతలూ కల్లాలూ అయి పంట యార్డుకి చేరితే ఎండాకాలంలో నిశ్చింతగా వచ్చి చేయించుకుంటామనీ చెప్పాడు. డాక్టరు గారు నాయనమ్మ వైపు తిరిగారు.

"పిల్ల పెద్దమనిషి అయిందా అమ్మా?"

"లేదండి. ఇంకా చిన్నపిల్ల" అంది నాయనమ్మ.

ఆయన నా వైపు చూశారు. నేను బక్కగా ఉండేదాన్ని, మా అమ్మ వేసిన వదులు జాకెట్టులో ఏం తెలుస్తుంది. అయితే కోతలయ్యాక రండి, కొంచెం వ్యవధి ఉంది, వచ్చాక ఫోటో తీసి చూసుకుని చేద్దాం అన్నారు. నాన్న నమస్కారం పెట్టాడు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని లేపింది.

తలుపు దాకా వెళ్ళాం. కోతలంటే ఒకసారితో అయ్యేవి కావు, కాయ పండిన కొద్దీ మళ్ళీ మళ్ళీ కోయాలి. ఆ పైన ఎండబెట్టడం, తొడిమలు తీయడం, బస్తాలకెత్తడం. ఆ తరువాత ఎవరింట్లోనో పెళ్ళి వస్తుంది. మా ఇంట్లో ఎండాకాలమంటే ఎప్పుడో నాకు తెలుసు. నాన్నా, పరాయి మగమనిషీ ఉన్నారు. మా ఇళ్ళల్లో ఆ మాట ఆడవాళ్ళ మధ్య కూడా గొంతు తగ్గించి అనేవాళ్ళు. తల మీద ఒట్టుంది. ఆ ఒట్టు నిజమై, నేను నోరు తెరిచిన చోటే నాయనమ్మ కూలిపోతుందని పన్నెండేళ్ళ దాన్ని నిజంగానే నమ్మాను. చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగాను.

"అయ్యాను డాక్టరు గారూ. వానాకాలంలోనే అయ్యాను. ఇంట్లో దాచారు."

నేను ముందు నాయనమ్మను చూశాను. పడిపోలేదు. తలుపు చట్రం పట్టుకుని నిలబడింది, కళ్ళు మాత్రం నేలకేసి ఉన్నాయి. నాన్న నా మొహం వైపు కూడా చూడకుండా బయటికి నడిచి, వరండాలో ఓ స్తంభం దగ్గర అటు తిరిగి నిల్చున్నాడు. ఆయన వీపు చూస్తే నాకు భయం వేసింది. కొడతాడని కాదు. నాన్న నన్నెప్పుడూ కొట్టలేదు. ఇక నాతో మాట్లాడడేమో అనిపించింది.

డాక్టరు గారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఏ నెలలో అని అడిగారు. చెప్పాను. నాయనమ్మను ఒక్క మాట అనలేదు. రేపు మిషను బాగవుతుంది, ఊరికి పోకండి, మోకాలికీ మణికట్టుకీ ఫోటో తీద్దాం అన్నారు. మణికట్టు ఎందుకని అడిగాను. పిల్లల వయసు మనుషులు చెప్పేదొకటి, ఎముకలు చెప్పేదొకటి, చేతిలో చిన్న ఎముకలూ గీతలూ బోలెడుంటాయి, అవి ఎంతవరకు వచ్చాయో చూస్తే ఇంకెంత పెరుగుదల మిగిలిందో అంచనా కట్టొచ్చు అన్నారు. గీత మూసుకుపోయి ఉంటే అని అడిగాను. ఆయన నిజం చెప్పే మనిషి.

"మూసుకుపోయి ఉంటే చెయ్యడానికేమీ లేదమ్మా. ఉంటుందనే అనుకుంటున్నాను. ఎంతుంటుందో చెప్పలేను."

ఆ రోజంతా ఆసుపత్రి ఎదుట సత్రంలో ముగ్గురం ఒకరితో ఒకరు మాట్లాడకుండా గడిపాం. నాన్న అన్నం పొట్లాలు తెచ్చి మా ముందు పెట్టి తను తినకుండా వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఓ ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ ఆ ముద్ద తిరిగి ఆకులో పెట్టేసింది. నా వల్ల పోతానన్న మనిషి పోనందుకు సంతోషం, చెప్పనివ్వకుండా ఇన్ని నెలలు పోగొట్టినందుకు కోపం, రెండూ ఒకేసారి ఉన్నాయి. ఆ రెండింటినీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు ఫిల్ము కిటికీకి పట్టారు. నేను దగ్గరికెళ్ళి చూశాను. ముందు నాకేమీ కనబడలేదు, తెల్లటి ఎముక తప్ప. అయిపోయిందనుకున్నాను. డాక్టరు గారు పెన్సిల్ కొసతో చూపించారు. ఉంది. నిరుడు చూసినంత లేదు, సన్నబడింది, కాని ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంది. చేతి ఫిల్ము కూడా చూసి, వేళ్ళ కొసల దగ్గరి గీతలు మూసుకోవడం మొదలైందనీ, వీటి తరువాతే మోకాళ్ళ వంతనీ చెప్పారు. ఇప్పుడు ఆపితే తేడా పెరగదు, మోకాలి కింద కూడా ఆపితే కుడికాలు ఇంకో అర అంగుళానికి కాస్త తక్కువగా కలుపుకోవచ్చు. ఎండాకాలం దాకా ఆగితే కలిసేది దాదాపు ఏమీ ఉండదు, తేడా ఇంకొంత పెరిగి కూర్చుంటుంది.

అప్పుడు నాయనమ్మ నోరు తెరిచింది, ముందు రోజు నుంచీ మొదటిసారి.

"నా కాల్లో గీత తీసి దానికి పెట్టకూడదా బాబూ? నాకిక నడిచే పనేముంది."

ఆయన పెన్సిల్ పక్కన పెట్టారు. మీ కాళ్ళల్లో గీతలు మీ చిన్నతనంలోనే మూసుకుపోయాయమ్మా, ఇప్పుడు వెతికినా దొరకవు, ఉన్నా అలా పెట్టడం మాకు చేతకాదు అన్నారు. నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవటం నేనెప్పుడూ చూడలేదు, తాతయ్య పోయినప్పుడు కూడా. నా కోపం అంతా అక్కడే నీళ్ళయిపోయింది. వెళ్ళి ఆవిడ నడుం పట్టుకున్నాను.

నాన్న మాత్రం ఫిల్మునే చూస్తున్నాడు. చివరికి, పిల్ల పొట్టిగా మిగిలిపోతుందా అని అడిగాడు. అసలు పెరగాల్సినంత పెరగదు, రెండు గీతలూ ఆపుతున్నాం కదా, అయితే వెన్నెముక ఇంకొంచెం పెరుగుతుంది, మరుగుజ్జు అయిపోదు అన్నారు డాక్టరు గారు. నాన్న నా వైపు తిరిగాడు. ముందు రోజు తరువాత నా మొహం చూడటం అదే.

"నువ్వు చెప్పు. ఆపమంటావా?"

మా ఇంట్లో అంతవరకు నన్నెవరూ ఏదీ అడగలేదు. ఏడిచి తెచ్చుకున్నవే అన్నీ. నాకు పొడుగ్గా ఉండాలని చాలా కోరికగా ఉండేది, మా మేనత్త అంత. ఆపమన్నాను. నాన్న ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపాడు, మళ్ళీ గుర్తొచ్చి, వచ్చిన నాలుగక్షరాలతో సంతకమే చేశాడు.

ఆ వారంలోనే ఆపరేషను అయింది. మోకాలి పైనా కిందా, రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి, గీతతో పాటు ఓ ముక్క ఎముకను పెకలించి, తిప్పి మళ్ళీ అక్కడే బిగించారట, ఎముక అడ్డంగా కట్టుకుపోయి గీత మూసుకునేలా. నాకు తెలిసింది మత్తుమందు వాసన, తరువాత మంట, ఆ పైన పిండికట్టులో దురద. నాన్న కోతలకి ఊరికెళ్ళి వస్తూ ఉండేవాడు. నాయనమ్మ నా మంచం పక్కన చాప వేసుకుని ఉండిపోయింది. పక్క మంచాల ఆడవాళ్ళు ఏమైందని అడిగితే, ఆవిడే నోరారా చెప్పేది, మా పిల్ల వానాకాలంలో పెద్దమనిషి అయింది, అందుకని తొందరగా చేయించాం అని. దాచమన్న మనిషే వార్డంతా చాటింపు వేసింది. మేనత్త కూడా చూడటానికి వచ్చి, పిండికట్టు మీద చెయ్యి వేసి, కాసేపు కూర్చుని వెళ్ళింది. వాళ్ళబ్బాయి సంగతి తరువాత ఎవరూ ఎత్తలేదు. నాకు ఆ కుర్రాడంటే మొదటినుంచీ పడేది కాదు, కనక అది వేరే కథ కూడా కాదు.

ఆపరేషను అయినంత మాత్రాన భయం తీరలేదు. గీత అన్ని వైపులా మూసుకోకుండా ఒక పక్కే మూసుకుంటే కాలు వంకర తిరుగుతుందని డాక్టరు గారు ముందే చెప్పారు. కొన్ని నెలలకోసారి వెళ్ళి ఫోటో తీయించుకునేవాళ్ళం. బస్సులో వెళ్ళేటప్పుడు నాన్న ఒక్క మాట మాట్లాడేవాడు కాదు, వచ్చేటప్పుడు ఏదో ఒకటి తినిపించేవాడు.

పదిహేనేళ్ళు నిండాక ఆఖరి ఫోటో. ఎడమకాలూ కుడికాలూ ఫిల్ములు పక్కపక్కన పెట్టారు. దేనిలోనూ నల్లగీత లేదు. రెండు మోకాళ్ళూ తెల్లగా, ఒకేలా ఉన్నాయి. తేడా ముప్పావు అంగుళానికి కాస్త ఎక్కువ మిగిలింది. అన్నీ మూసుకున్నాయి, ఇక తేడా పెరగదు, తగ్గదు, నువ్వు కూడా పెరగవు అన్నారు. నన్ను గోడకు నిలబెట్టి ఎత్తు చూశారు. నాలుగడుగుల పది అంగుళాలు. ఇక జీవితమంతా ఇంతే కదండీ అన్నాను. ఇంతేనమ్మా అన్నారు. నాకు కాస్త ఏడుపొచ్చింది, ఆయన చూడకముందే తుడుచుకున్నాను.

బయట చెప్పులు కుట్టే ఆయన చేత కుడి చెప్పుకి తోలు మందంగా వేయించాడు నాన్న. వేసుకుని బస్టాండు వైపు నడిచాను. కొంత దూరం పోయాక చూస్తే నాన్న ముందు లేడు. వెనక్కి తిరిగాను. పది అడుగుల వెనక వస్తున్నాడు. నా కాలి సంగతి తెలిసినప్పటి నుంచీ నాన్న ఎప్పుడూ నా ముందే నడిచేవాడు, బడికైనా పొలానికైనా, వెనక నేను ఎలా నడుస్తున్నానో చూడాల్సి రాకుండా. అది నాకు ఆ రోడ్డు మీదే తెలిసింది.

ఆగావేంటి, నడువు అన్నాడు.

నేను ముందు నడిచాను, ఆయన బస్టాండు దాకా చూస్తూ వెనకే వచ్చాడు.